కోహీర్ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద?

తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి
కోహీర్, సంగారెడ్డి జిల్లా నుంచి బహిరంగ లేఖ

హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో 70కి పైగా ప్లాట్‌ఫాంలున్నాయి. కోహీర్ లాంటి ఊరికి వాటిలో సొంత ప్లాట్‌ఫాం అంటూ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. కోహీర్ మనిషి జహీరాబాద్ బస్సెక్కి అక్కడ మారతాడు, లేదా జాతీయ రహదారి మీద కోహీర్ వైపు తిరిగే చౌరస్తాలో దిగి ఆటో పట్టుకుంటాడు. అంటే అతను వెతకాల్సింది తన ఊరి పేరును కాదు. తన ఊరి మీదుగానో, ఊరి పక్కగానో పోయే రోడ్డును. బస్ స్టేషన్ కూడా లోపల రోడ్ల లెక్క ప్రకారమే సర్దుకుని ఉంటుంది. ఒక రోడ్డు మీద పోయే బస్సులన్నీ పక్కపక్క ప్లాట్‌ఫాంల మీద ఆగుతాయి. చిక్కల్లా ఎక్కడంటే, ఆ సర్దుబాటు తెలిసింది కంట్రోలర్‌కు, డ్రైవర్‌కు, కండక్టర్‌కు. ప్రయాణికుడికి చెప్పేది మాత్రం ఒట్టి నంబరు.

నంబరు చిరునామా మాత్రమే, దారి కాదు. 41 అని చెబితే 41 దగ్గరికి చేరాక అదే 41 అని తెలుస్తుంది కానీ, గేటు దగ్గర నిలబడ్డవాడికి అది కుడివైపో ఎడమవైపో తెలియదు. ఈ లేఖ చెప్పదలచుకున్న విషయం ఇదొక్కటే: ఊరి పేరుతో వచ్చిన మనిషిని మొదట రోడ్డుకు, తరువాత నంబరుకు, చివరికి బస్సుకు చేర్చే క్రమం బోర్డుల్లో ఉండాలి.

ఈ క్రమం అవసరం లేని కాలం ఒకటుండేది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. గౌలిగూడలోని ఇనుప రేకుల హ్యాంగర్ చాలా ఏళ్లు హైదరాబాద్‌కు ప్రధాన బస్టాండుగా ఉంది. ఒకే కప్పు కింద అన్నీ కళ్లకు ఆనేవి. కండక్టర్ కేకేస్తే ఈ మూల నుంచి ఆ మూలకు వినపడేది. 1994లో బస్సులు మూసీ నడిమి ఇమ్లీబన్‌లో కట్టిన ఈ మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు మారాయి. పాత హ్యాంగర్ 2018 జులైలో కూలిపోయింది. స్టేషన్ పెరిగింది, బస్సులు పెరిగాయి. కేక మాత్రం అదే కేక. ఇక్కడి రొదలో అది ఆ కొసదాకా వినపడదు.

ఎంత దూరమో ఒకసారి లెక్క వేసి చూడవచ్చు. చట్టం ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అద్దాలకు, మనుషులు దిగి నడవడానికి జాగా కలిపితే ఒక్కో ప్లాట్‌ఫాంకు కనీసం మూడున్నర మీటర్లు కావాలి. 70 ప్లాట్‌ఫాంలను ఒకే వరుసలో పేర్చితే దాదాపు 245 మీటర్లు. వట్టి చేతులతో నడిచేవాడికి ఇది నాలుగు నిమిషాల పని. నెత్తిన మూట, చంకన బిడ్డ ఉన్న మనిషికి, మోకాళ్ల నొప్పులున్న ముసలామెకు ఏడెనిమిది నిమిషాలు. తప్పు కొసకు వెళ్లి మళ్లీ రావాలంటే దానికి రెట్టింపు. బస్సు ప్లాట్‌ఫాం మీద పది నిమిషాలే నిలిచేదైతే, మొదటి మలుపులో జరిగిన తప్పుకు ఆ బస్సు పోయినట్టే. ఆఖరి బస్సు అయితే ఆ రాత్రి అక్కడే.

ఒక మామూలు ప్రయాణాన్ని తీసుకుందాం. కోహీర్ నుంచి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దామె సాయంత్రం ఐదు గంటలకు తిరుగు ప్రయాణమైందని అనుకుందాం. ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో ఉంది, బస్ స్టేషన్‌కు నడిచి పోగలిగినంత దూరం. చేతిలో ఎక్స్‌రేల కవరు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు; చదవడం వస్తుంది కానీ కూడబలుక్కుని. కోహీర్‌లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఆమెకు తెలిసినవి రెండే: జహీరాబాద్ బస్సెక్కాలి, టికెట్టుకు డబ్బు కట్టకుండా పోవచ్చు.

గేటు దాటగానే ఆమెకు మొదటి ప్రశ్న ఎదురవుతుంది: ఎటు? ఇక్కడ ఆమెకు నంబరు అక్కరలేదు. 'సంగారెడ్డి, జహీరాబాద్ రోడ్డు – ఎడమకు' అన్న ఒక్క మాట చాలు. పెద్ద బస్టాండ్లలో మామూలుగా గేటు దగ్గర కనిపించేది ఊర్ల పట్టిక. అక్షర క్రమంలోనో నంబర్ల క్రమంలోనో అరవై డెబ్బై పేర్లు ఒకే ఫలకం మీద ఉంటాయి. ఆ పట్టిక తీరిగ్గా చదివేవాడికి పనికొస్తుంది కానీ, నడుస్తూ పోయే మనిషికి కాదు. చదవాలంటే ఆగాలి, ఆగితే వెనకవాళ్లు తోస్తారు. పైగా ఇక్కడి ఊర్ల పేర్లలో ఒక చిత్రం ఉంది. జహీరాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్, వికారాబాద్, మహబూబాబాద్, హుమ్నాబాద్ అన్నింటికీ తోక ఒకటే. దూరం నుంచి చూసే కంటికి ప్రతి అక్షరమూ విడిగా ఆనదు. అరడజను పేర్లు ఒకే ఆకారంతో ముగిస్తే మొదటి రెండు అక్షరాల మీదే భారమంతా పడుతుంది.

ఇంకా తమాషా అయిన జంట నారాయణఖేడ్, నారాయణపేట. మొదటిది సంగారెడ్డి, జోగిపేట దారిలో ఉంది. రెండోది మహబూబ్‌నగర్ వైపు, కర్ణాటక సరిహద్దు దగ్గర. 'నారాయణ' అన్నంత వరకు చదివి, మిగతాది మనసులో పూరించుకున్న మనిషి ఉత్తరానికి పోవాల్సింది పోయి దక్షిణానికి పోతాడు. ఊరి పేరు పక్కన దారి పేరు కూడా ఉంటే ఈ తప్పు గేటు దగ్గరే ఆగిపోతుంది. నారాయణఖేడ్ సంగారెడ్డి రోడ్డు కింద, నారాయణపేట మహబూబ్‌నగర్ రోడ్డు కింద కనిపిస్తే రెండూ ఒకదానికొకటి ఎదురు రావు.

కాబట్టి గేటు దగ్గర ఊర్లు కాదు, రోడ్లు ఉండాలి. ఇమ్లీబన్ నుంచి బయలుదేరే బస్సులన్నీ చివరికి కొన్ని పెద్ద దారుల్లోనే పోతాయి: విజయవాడ రోడ్డు, వరంగల్ రోడ్డు, శ్రీశైలం రోడ్డు, కర్నూలు రోడ్డు, వికారాబాద్ రోడ్డు, ముంబయి రోడ్డు అని జనం పిలిచే జహీరాబాద్ దారి లాంటివి. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఒక్కో దారికి ఒక అక్షరం, ఒక రంగు ఇచ్చి, ఆ రంగునే గేటు నుంచి ప్లాట్‌ఫాం దాకా నేల మీదో నెత్తి మీదో గీతగా కొనసాగిస్తే, చదవడం రానివాళ్లు కూడా గీత పట్టుకుని పోగలరు. 2016లో టోక్యోలో తెరిచిన షింజుకు దూరప్రాంత బస్సుల స్టేషన్‌లో ఎక్కే చోట్లను ముందు అక్షరాలతో మండలాలుగా విడగొట్టి, ఆ తరువాతే నంబర్లు ఇచ్చారు. అక్కడ ఎక్కే చోట్లు మొత్తం 12 మాత్రమే. పన్నెండుకే అక్షరాలు అవసరమనుకుంటే డెబ్బైకి వాటి అవసరం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పెద్దామె సరైన వైపే తిరిగిందని అనుకుందాం. ఇప్పుడు పొడుగాటి వసారా, ఒక పక్క దుకాణాలు, ఇంకో పక్క బస్సుల ముఖాలు. మన బస్టాండ్లలో బస్సు ముక్కు ప్లాట్‌ఫాం వైపు పెట్టి ఆగుతుంది, తరువాత కండక్టర్ విజిల్‌తో వెనక్కి పోయి తిరుగుతుంది. అందువల్ల బస్సు నెత్తి మీది బోర్డు దాని ఎదురుగా నిలబడ్డవాడికే సరిగ్గా కనిపిస్తుంది. పక్క నుంచి నడిచి వచ్చేవాడికి ఒక్క బస్సు దాటితే ఇంకో బస్సు, అంతే. ప్లాట్‌ఫాం నంబరు బోర్డులను కూడా బస్సు ముఖానికి సమాంతరంగా, గోడకు అంటించినట్టు పెడితే అదే కథ: నాలుగడుగుల దూరంలోకి వస్తే తప్ప అంకె కనిపించదు. నంబరు పలక నడిచేవాడి దారికి అడ్డంగా, దుకాణాల వీధిలో బోర్డు వేలాడినట్టు, రెండు వైపులా రాతతో వేలాడాలి. అప్పుడు వసారా మొదట్లో నిలబడితే 35, 36, 37 వరుసగా కనిపిస్తాయి. అంకెలు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలుస్తుంది. తప్పు దిక్కున నడిచే మనిషి రెండో పలక దగ్గరే ఆగిపోతాడు.

నంబరును స్తంభం మీద రాయడం ఇంకో చిక్కు. స్తంభం రెండు ప్లాట్‌ఫాంల నడుమ ఉంటుంది. దాని మీద 24 అని రాసి ఉంటే అది కుడిపక్క బస్సుదా, ఎడమపక్క బస్సుదా? రోజూ వచ్చేవాళ్లకు ఈ ప్రశ్న తట్టదు. కొత్తవాళ్లు ముందూ వెనకా రెండు స్తంభాలు చూసి, అంకె ఎటు మొదలైందో లెక్క కట్టుకుంటారు. అంకెను ప్లాట్‌ఫాం మధ్యలో, బస్సు ముక్కుకు నేరుగా పైన వేలాడదీస్తే ఆ లెక్క అక్కర్లేదు. స్తంభం మీద రాయక తప్పదనుకుంటే పక్కన బాణం గుర్తు పెట్టాలి. స్తంభాల మీది అంకెలకు మరో శత్రువు చిప్స్ పాకెట్ల దండ. దుకాణదారు దాన్ని వేలాడదీసే ఎత్తు, అంకె రాసే ఎత్తు సరిగ్గా ఒకటే.

అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికీ ఒక మోటు లెక్క ఉంది. ఒక సెంటీమీటరు ఎత్తున్న అక్షరం హాయిగా చదవాలంటే మూడు మీటర్ల లోపు ఉండాలి. 30 మీటర్ల నుంచి కనిపించాల్సిన అంకె 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తెలుగు రాతకు ఈ కొలత చాలదు. తలకట్టు, గుణింతం, కింద ఒత్తు అన్నీ అదే ఎత్తులో సర్దుకోవాలి కనుక అసలు అక్షరం సగానికి కుదించుకుపోతుంది. ఇంగ్లిషు వరుసకు, తెలుగు వరుసకు ఒకే ఎత్తు ఇచ్చిన బోర్డు మీద చదవడానికి కష్టపడేది తెలుగువాళ్లే. కోహీర్, జహీరాబాద్ ప్రాంతానికి ఉర్దూ కూడా కావాలి, అది రాష్ట్రానికి రెండో అధికార భాష. ఏ బోర్డు మీదా అన్నీ పట్టవు. అందుకే అంకె, రంగు అందరికీ. పేర్లు తెలుగులో పెద్దగా, ఉర్దూ, ఇంగ్లిషుల్లో దాని కింద.

కంటికి అందనప్పుడు చెవి మీద ఆధారపడాలి. మైకులో ప్రకటన వస్తుంది: ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉన్నది. నంబరు చివర్లో ఒక్కసారి వినపడి, హారన్ మోతలో కలిసిపోతుంది. తెలుగులో 'ఇరవై రెండు', 'అరవై రెండు' మధ్య తేడా మొదటి అచ్చు ఒక్కటే.  ఉర్దూలో 22 బాయీస్, 42 బయాలీస్. మైకు గరగరలో ఈ తేడాలు నిలవవు. ఒకరు 22 దగ్గరికి, ఇంకొకరు 62 దగ్గరికి పరుగెత్తడానికి ఎవరి చెవినీ అనాల్సిన పని లేదు. అంకెలను విడివిడిగా, 'ప్లాట్‌ఫాం ఆరు రెండు, అరవై రెండు' అని రెండు రకాలుగా పలికితే పొరపాటు తగ్గుతుంది. ముందు రోడ్డు పేరు, తరువాత బస్సు, ఆఖరికి నంబరు రెండుసార్లు. ఈ వరుసలో చెబితే సంబంధం లేనివాళ్లు మొదటి మాటకే చెవి తిప్పేసుకుంటారు, సంబంధం ఉన్నవాళ్లు చివరి మాటకు సిద్ధమవుతారు.

ఆ పెద్దామె ఇప్పుడు ప్లాట్‌ఫాం దగ్గరికి వచ్చింది. అది సరైనదో కాదో తెలుసుకోవడానికి జనాన్ని చూస్తే లాభం లేదు, జనం ప్రతి చోటా ఉంటారు. అటూ ఇటూ ఉన్న రెండు మూడు బస్సుల బోర్డులు చూడాలి. సంగారెడ్డి, సదాశివపేట, నారాయణఖేడ్, బీదర్ పేర్లు కనిపిస్తే రోడ్డు సరైనదే. తన బస్సు ఇంకా రాలేదు, అంతే. మక్తల్, మహబూబ్‌నగర్, పరిగి కనిపిస్తే వచ్చింది తప్పు చోటుకు, తన బస్సు రాదు. ఈ ఉపాయం రోజూ తిరిగేవాళ్లందరికీ తెలుసు, ఎక్కడా రాసి ఉండదు.

బస్సు ఒక్కోసారి తన ప్లాట్‌ఫాం మీద ఆగదు. ముందు వెళ్లాల్సిన బస్సు కదలకపోతే డ్రైవర్ పక్కన ఖాళీగా ఉన్నచోట పెట్టేస్తాడు. ఆ పక్క చోటు కూడా అదే రోడ్డుదైతే నష్టం లేదు, ప్రయాణికులు నాలుగు మీటర్లు జరిగితే చాలు. వేరే వరుసలో పెట్టాల్సి వస్తేనే గుంపు గుంపంతా మూటలతో ఉరుకుతుంది. దారులవారీగా గుత్తులు కట్టి ప్లాట్‌ఫాంలు కేటాయించడం వల్ల వచ్చే అసలు లాభం ఇక్కడ తెలుస్తుంది. గుత్తిలో ఒక చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచగలిగితే ఆలస్యమైన బస్సుకు కూడా దారి దాటాల్సిన పని పడదు.

సరైన ప్లాట్‌ఫాం దొరికినా పని పూర్తి కాలేదు. జహీరాబాద్ దారిలో మూడు రాష్ట్రాల బస్సులు నడుస్తాయి. తెలంగాణ సంస్థవి, బీదర్, కలబురగి వైపు పోయే కర్ణాటకవి, సోలాపూర్, పుణె వైపు పోయే మహారాష్ట్రవి. బీదర్ బస్సులో కూర్చున్నా జహీరాబాద్ వస్తుంది. కన్నడ రాతలో ఉన్న బీదర్‌ను తెలుగు చదివే మనిషి కష్టం లేకుండా పోల్చుకోగలడు, లిపులు అంత దగ్గర. కానీ 2023 డిసెంబర్ 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఊళ్లకు పోయే బస్సుల్లో తెలంగాణ సంస్థ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే. పొరుగు రాష్ట్రాల బస్సులో ఎక్కితే టికెట్టు కొనాలి. సొంత సంస్థ బస్సయినా డీలక్స్, సూపర్ లగ్జరీ అయితే కొనాలి. బస్సు కదిలాక కండక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతి తెలిస్తే ఆ పెద్దామె చేతిలో చార్జీకి సరిపడా డబ్బు ఉండకపోవచ్చు.

కోహీర్ మనిషికి ఇంకో మెలిక. ఎక్స్‌ప్రెస్ అన్ని చౌరస్తాల్లోనూ ఆగదు. పల్లెవెలుగు ఆగుతుంది కానీ ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి ఎక్కేముందు అడగాల్సింది రెండు ప్రశ్నలు: 'జహీరాబాద్ పోతదా?' అన్నది మొదటిది, 'కోహీర్ చౌరస్తా కాడ ఆపుతరా?' అన్నది రెండోది. మొదటి దానికి జవాబు బోర్డు మీదే ఉంటుంది. రెండోది మనిషిని అడిగితేనే తెలుస్తుంది. ప్లాట్‌ఫాం దగ్గర నంబరు కింద ఒక చిన్న పలక మీద 'ఈ దారిలో: పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, కోహీర్ చౌరస్తా, జహీరాబాద్' అని దిగే వరుసలో రాస్తే కోహీర్ పేరు మొదటిసారి కళ్లబడేది అక్కడే. ఆ పలక మీదే 'ఎక్స్‌ప్రెస్ ఆగని చోట్లు' అని మరో వరుస రాస్తే రెండో ప్రశ్నకు కూడా సగం జవాబు దొరికినట్టే.

నంబరు ఒక్కటే రాసి పెట్టుకుంటే అది అన్ని రోజులూ పనికిరాదు. పండగ రద్దీలో ఈ ఏర్పాటంతా మారిపోతుంది. సంక్రాంతి, దసరా రోజుల్లో కొన్ని దారుల బస్సులను సంస్థ ఊరి చివరి కూడళ్ల నుంచి నడపడం మామూలే. విజయవాడ వైపువి ఎల్బీ నగర్ నుంచి, వరంగల్ వైపువి ఉప్పల్ నుంచి. మనసులో 41 అని ముద్ర వేసుకున్నవాడికి ఆ రోజు ఏమీ పాలుపోదు. 'నాది జహీరాబాద్ రోడ్డు' అని తెలిసినవాడు ఎక్కడున్నా ఆ రోడ్డునే అడుగుతాడు.

2025 సెప్టెంబర్ చివరి వారంలో ఇది బాగా తెలిసి వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి, 26వ తేదీ రాత్రి నీళ్లు బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. లోపల చిక్కుకున్న ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. 27న సంస్థ బస్సులను దారులవారీగా పంచింది. ఆదిలాబాద్, కరీంనగర్, మెదక్ వైపు సర్వీసులు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి. వరంగల్, హనుమకొండ వైపువి ఉప్పల్ నుంచి. సూర్యాపేట, నల్లగొండ, విజయవాడ వైపువి ఎల్బీ నగర్ నుంచి. మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు వైపువి ఆరాంఘర్ నుంచి. అంత హడావుడిలో ఇంత చక్కటి విభజన చేయగలిగారంటే అది రోడ్ల లెక్క అప్పటికే సంస్థ మనసులో ఉండబట్టే. ప్రయాణికుడి మనసులో లేనిదల్లా అదే.

ఆ ప్రకటనలోని 'మెదక్ వైపు' అన్న మాట కోహీర్‌లో ఎలా వినిపిస్తుందో కూడా చూడాలి. 2016 అక్టోబర్ దాకా కోహీర్ మెదక్ జిల్లాలో ఉండేది. తరువాత సంగారెడ్డి జిల్లా వచ్చింది. పెద్దవాళ్లకు 'మెదక్ వైపు' అంటే తమ ఊరు కూడా అందులోనే. బడికి పోయే మనవడికి మెదక్ వేరే జిల్లా, వేరే దారి. ఒకే మాట విని తాత జూబ్లీ బస్ స్టేషన్‌కు పోదామంటాడు, మనవడు ఆగుదామంటాడు. జిల్లా పేరు కాగితాల మీద మారుతుంది, రోడ్డు మారదు. 'జహీరాబాద్ రోడ్డు' అంటే ఇద్దరికీ ఒకటే. స్టేషన్‌లో దారులకు పేర్లు పెట్టేటప్పుడు జిల్లాల పేర్లు కాకుండా రోడ్డు మీద చివర వచ్చే పెద్ద ఊరి పేరు పెట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

సంస్థ 2023లో తెచ్చిన 'గమ్యం' యాప్ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూపిస్తుంది. దారి మధ్యలో ఎదురుచూసేవాడికి అది వరం. పటాన్‌చెరులోనో మియాపూర్‌లోనో నిలబడి బస్సు పట్టుకునేవాళ్లకు అసలు ఈ లేఖలోని గొడవేదీ లేదు. ఇమ్లీబన్ నుంచి మెట్రోలో మియాపూర్ దాకా వచ్చి అక్కడ జహీరాబాద్ బస్సు ఎక్కడం కుర్రవాళ్లకు అలవాటే. సీటు దొరకాలనుకునేవాళ్లు, సామాను ఉన్నవాళ్లు, ఉస్మానియా నుంచి వచ్చేవాళ్లు మాత్రం మొదటి స్టేషన్‌కే రావాలి. ఫోన్ తక్కువగా వాడేది కూడా వాళ్లే. పైకప్పు కింద వసారాలో నలభై అడుగుల దూరంలో ఉన్న రెండు ప్లాట్‌ఫాంలను ఫోన్ మ్యాపు విడదీసి చూపించలేదు కూడా. ఉపగ్రహ సంకేతం ఆ మాత్రం తప్పడం మామూలే.

బోర్డులు మార్చడానికి టెండర్లు, మంజూర్లు కావాలి, సమయం పడుతుంది. అంతవరకు జహీరాబాద్ డిపో చేతిలోనే ఉన్న ఒక చిన్న పని ఉంది. ఇమ్లీబన్ నుంచి కోహీర్‌కు తిరిగి వెళ్లే మనిషి సాధారణంగా పొద్దున అదే డిపో బస్సులో వచ్చి ఉంటాడు. తిరుగు బస్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి రెండున్నర గంటల తీరిక, కదలకుండా కూర్చున్న శ్రోత, రెండూ ఆ బస్సులోనే ఉన్నాయి. డ్రైవర్ సీటు వెనక రేకు మీద ఒక కాగితం అంటిస్తే చాలు: జహీరాబాద్ బస్సులు ఇప్పుడు ఆగే ప్లాట్‌ఫాంల నంబర్లు, గేటు దగ్గర ఎటు తిరగాలో ఒక బాణం, ఆఖరి పల్లెవెలుగు ఎన్ని గంటలకు, ఆఖరి ఎక్స్‌ప్రెస్ ఎన్ని గంటలకు, ఏది కోహీర్ చౌరస్తాలో ఆగుతుంది. తెలుగులో, ఉర్దూలో. కాగితం మీద అంటించిన తేదీ కూడా ఉండాలి. తేదీ లేకపోతే పాత నంబరు నెలల తరబడి అలాగే ఉండిపోయి, చెప్పకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మారిన రోజే కంట్రోలర్ డిపోకు ఫోన్ చేసి కొత్త కాగితం అంటించేలా చూడాలి, దిగేటప్పుడు కండక్టర్ ఒక మాటగా కూడా చెప్పాలి: 'పోయేటప్పుడు బస్సు ఫలానా నంబరు మీద ఉంటది, మెట్రో దిక్కు కాదు, ఇటు దిక్కు.'